రెండా, మూడా, నాలుగా? ఆత్రేయపురం రేకు మీద మూడు పద్యాల తూకం

కవితను ఎన్ని పాదాల చరణాల్లో రాయాలన్నది మనలో చాలామంది రాసేశాక తేల్చుకుంటారు. వాక్యాలు పేర్చి, కంటికి ఎక్కడ ఖాళీ బాగుంటే అక్కడ గీత గీస్తారు. పాతకాలపు కవికి ఆ వీలు లేదు. ద్విపద చేపడితే రెండేసి పాదాల్లో నడవాలి, కందమో ఆటవెలదో ఎత్తుకుంటే నాలుగో పాదంలో దిగాలి. అందుకని కలం పట్టకముందే తన ఆలోచన నడక ఏమిటో కనిపెట్టుకునేవాడు. ఆ కనిపెట్టడం ఎలాగో చూడాలంటే వేరువేరు విషయాల మీద రాసిన కవితలు పక్కపక్కన పెట్టి లాభం లేదు. వస్తువు ఒకటే ఉండి చరణం మారాలి. అప్పుడే తేడా వస్తువుదా, చరణానిదా అన్నది తెలుస్తుంది.

వస్తువుగా ఆత్రేయపురం పూతరేకును తీసుకుందాం. ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ పాయల నడుమ కోనసీమ మొదలయ్యే చోట ఉన్న ఊరది. అక్కడి పూతరేకుకు 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. రేకు తీసే పని చూసినవాళ్లకు అందులో కనీసం మూడు రకాల ఆలోచనలు దొరుకుతాయి. ఒకటి, ఆగకుండా తిరిగి తిరిగి సాగే పని. రెండు, ఆ పని చేసే చేతికి దక్కేదేమిటన్న ప్రశ్న. మూడు, రేకు స్వభావంలోనే ఉన్న ఒక చిక్కు: పొడిగా ఉంటే విరుగుతుంది, తడి ఎక్కువైతే చెడుతుంది. ఈ మూడింటికీ మూడు పద్యాలు, తులన కోసమే కట్టినవి, కింద ఇస్తున్నాను. గొప్ప కవిత్వమని కాదు, కొలిచి చూడడానికి పనికొస్తాయని.

రెండు పాదాల నడక

మొదటిది ద్విపద.

కుండను బోర్లించి కొబ్బరాకెట్టి
పిండిలో తడిగుడ్డ పీల్చగా ముంచి

ఆవిరి చిమ్మంగ నంచుల లాగి
ఆవల నొక రేకు నటు పేర్చి పెట్టి

మరల ముంచును గుడ్డ మరల లాగేను
పొరలిన పొగలోన పొద్దులు దాటు

ద్విపద లక్షణం చిన్నదే. పాదానికి మూడు ఇంద్రగణాలు, చివర ఒక సూర్యగణం. మూడో గణం మొదట్లో యతి. రెండు పాదాలకూ రెండో అక్షరం కలిసే ప్రాస. కుండ, పిండి కలిశాయి. ఆవిరి, ఆవల కలిశాయి. మరల, పొరలిన కలిశాయి. ఎన్ని ద్విపదలు కలిస్తే కావ్యమన్న లెక్క లేదు. రెండు చాలు, రెండు వేలయినా సరే.

ఇందులో చూడవలసింది క్రియలు. బోర్లించి, ఎట్టి, ముంచి, లాగి, పేర్చి పెట్టి: నాలుగు పాదాలు గడిచినా ఒక్క సమాపక క్రియ రాలేదు. అయిదో పాదంలో కానీ ‘ముంచును’ అని వాక్యం నేల మీద కాలు మోపలేదు. రెండో పాదంలో ముంచిన గుడ్డను లాగడం మూడో పాదంలో ఉంది, అంటే వాక్యం ఒక ద్విపద దాటి రెండో ద్విపదలోకి నడిచింది. ప్రాస రెండు పాదాలను కట్టిపడేస్తున్నా, అసమాపక క్రియ ఆ కట్టు మీదుగా ముందుకు తోస్తూనే ఉంది. చెవికి ప్రతి రెండో పాదంలో చిన్న విరామం వినిపిస్తుంది, అర్థానికి విరామం లేదు. రేకు తీసే మనిషి పని కూడా అలాంటిదే. ప్రతి రేకూ ఒక ముగింపే, కానీ పని ముగియదు. బోర్లించిన కుండ కింద మంట ఆరకూడదు, జారుగా రుబ్బిన బియ్యప్పిండి తేటపడకూడదు, గుడ్డ పరిచిన క్షణాల్లోనే రేకు కట్టి లేస్తుంది. ఆపి ఆలోచించే వ్యవధి చేతికి లేదు కాబట్టి పద్యానికీ ఇవ్వలేదు.

ఈ సంగతి మన పూర్వులకు బాగా తెలుసు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణాన్ని ద్విపదలో చెప్పడానికి కారణం తానే చెప్పుకున్నాడు. బరువైన గద్యపద్యాలకన్నా జానుతెనుగు జనానికి ఇంపుగా ఉంటుందని ఆయన ఉద్దేశం. ఈ కారణాన్ని మనం ఎప్పుడూ భాష వైపు నుంచే చూస్తాం. నడక వైపు నుంచి కూడా చూడాలి. భక్తుల కథలు ఒకదాని వెంట ఒకటి వచ్చిపడే పురాణం అది. ఒక భక్తుడి కథలోంచి మరో భక్తుడి కథలోకి జారిపోవాలి. తర్వాతి కాలంలో పిడుపర్తి సోమన అదే బసవపురాణాన్ని పద్యకావ్యంగా తిరగరాశాడు. కథ అదే, భక్తులు వాళ్లే. పక్కపక్కన పెట్టుకుని చదివితే తేడా నడకలోనే తెలుస్తుంది. ద్విపదలో సంఘటన వెంట సంఘటన వస్తుంది. పద్యంలో సంఘటన నిలబడి మనల్ని తనవైపు చూడమంటుంది.

గోదావరి తీరానికి దగ్గరి ఉదాహరణ శ్రీనాథుడు. రాజమహేంద్రవరపు వీరభద్రారెడ్డికి అంకితమిచ్చిన కాశీఖండాన్ని ఆయన వృత్తాలు, జాతులు, ఉపజాతులు, వచనం కలిపిన చంపువుగా రాశాడు. ఆయన పేరుతోనే ఉన్న పల్నాటి వీరచరిత్ర మంజరీ ద్విపద. మంజరిలో ద్విపదకుండే ప్రాస కట్టు కూడా ఉండదు. అంటే రెండు పాదాలను కలిపే ముడి కూడా విప్పేశారన్న మాట. యుద్ధకథ, వీరగాథ, పాడి వినిపించవలసినది కాబట్టి అడ్డు తగిలే ప్రతిదాన్నీ తీసేశారు. కాశీఖండంలో మాత్రం ఒక్కో దృశ్యం ముందు ఆగాలి, చూడాలి, తల పంకించాలి. అక్కడ నాలుగు పాదాల పద్యం నిలబెడుతుంది, కథను కదిలించే పని వచనం చేస్తుంది. నన్నయ రాజమహేంద్రవరంలో భారతం మొదలుపెట్టిన నాటి నుంచీ చంపువుకు ఈ పని విభజన ఉంది. ద్విపద కావ్యంలో వచనం ఎందుకు లేదంటే, ద్విపదే నడుస్తుంది గనుక అవసరం పడలేదు.

అయితే రెండు పాదాలు ఉన్నంత మాత్రాన నడక వస్తుందనుకోకూడదు. గజల్‌లోని షేర్ కూడా రెండు పాదాలే. దాశరథి, సినారె తెలుగులో గజళ్లు రాసినప్పుడు ఆ రెండు పాదాలను ఎలా వాడారో చూడండి. ఒక షేర్ భావం దాని రెండో పాదంలోనే ముగిసిపోతుంది, తర్వాతి షేర్ వేరే భావంతో మొదలు కావచ్చు. వాటిని కలిపేది అంత్యప్రాసా, రదీఫూ మాత్రమే. ద్విపదలో అర్థం ముందుకు పోతుంది, ధ్వని రెండేసిగా ఆగుతుంది. గజల్‌లో అర్థం ఆగిపోతుంది, ధ్వని ముందుకు పోతుంది. కొలత ఒకటే, నడక తలకిందులు. కాబట్టి ‘రెండు పాదాల్లో రాస్తాను’ అనుకున్న కవి వెంటనే వేసుకోవలసిన ప్రశ్న: నా వాక్యం రెండో పాదం దాటాలా, అక్కడే ఆగాలా?

మూడో పాదం విరుపు

రెండో ఆలోచన, చేతికి దక్కేదేమిటన్నది, మూడు పాదాల్లో ఇలా వచ్చింది.

రేకు పలచన అంటె ఊరికే గొప్ప
పెట్టె మెరిసిందంటె కొట్టుకే గొప్ప
వేలు కాలిందంటె అడిగేది ఎవరు?

ఇది సంప్రదాయ ఛందస్సు కాదు. అయిదేసి మాత్రలు మూడు సార్లు, చివర మూడు మాత్రలు. యతిప్రాసల నియమం పెట్టుకోలేదు. దీని బలమంతా వాక్యం పోలికలో ఉంది. మొదటి పాదం ఒక అచ్చు వేసింది: ఫలానా ‘అంటె’, ఫలానావారికి ‘గొప్ప’. రెండో పాదం అదే అచ్చులో పోసింది. రెండు సార్లు విన్న చెవి మూడోసారీ ‘గొప్ప’ కోసమే ఎదురుచూస్తుంది. మూడో పాదం అదే అచ్చులో మొదలై, చివర్లో ‘గొప్ప’ ఉండవలసిన చోట ప్రశ్న పెట్టింది. విరుపు అక్కడ పుట్టింది.

ఇందులో ఒక పాదం తీసేస్తే ఏమవుతుందో చూద్దాం. మొదటిది తీసేయండి. ‘పెట్టె మెరిసిందంటె కొట్టుకే గొప్ప, వేలు కాలిందంటె అడిగేది ఎవరు?’ అర్థం పోలేదు, పదును పోయింది. ఒక్కసారి విన్నదాన్ని చెవి అచ్చు అనుకోదు. అచ్చు లేనప్పుడు దాన్ని విరవడమూ లేదు. మిగిలింది అటూ ఇటూ తూచిన నినాదం. గోడ మీద రాయడానికి పనికొస్తుంది, పద్యంగా నిలవదు.

ఒక పాదం కలిపితే? ‘లోకమింతేనయ్య చూడవోయ్ నరుడ’ అని నాలుగోది చేర్చి చదవండి. మాత్రలు సరిపోయాయి, పద్యం చెడింది. ప్రశ్నకు జవాబు పాఠకుడు వెతుక్కోవలసి ఉండగా కవే వచ్చి ఓదార్చాడు. పైగా ‘లోకమింతే’ అనడంతో కాలిన వేలు ఎవరి బాధ్యతన్నది గాలిలో కలిసిపోయింది. మూడు పాదాల్లో నిలదీసిన కవి నాలుగో పాదంలో రాజీ పడ్డాడు. ఇలాంటి నాలుగో పాదాన్ని మనం చాలా కవితల్లో చూస్తాం. చరణాలన్నీ నాలుగేసి పాదాలుగా ఉండాలన్న అలవాటు కవి చేత ఆ పాదం రాయిస్తుంది.

మూడు పాదాల ఆలోచన మనకు కొత్తదేమీ కాదు, కాకపోతే మన ఛందస్సు దాన్ని నాలుగు పాదాల కింద దాచిపెట్టింది. వేమన ఆటవెలదులను తీసుకోండి. నాలుగో పాదం మకుటం. అది ప్రతి పద్యంలోనూ అదే, కొత్తగా అర్థం చేర్చదు. అంటే వేమన చెప్పదలచుకున్నదంతా మూడు పాదాల్లోనే చెప్పాలి. ఎన్నో పద్యాల్లో మొదటి రెండు పాదాలు లోకంలోంచి ఒక పోలిక తెస్తాయి, మూడో పాదం దాన్ని మనిషి మీదికి తిప్పుతుంది, అక్కడితో సరి. మకుటం వచ్చే లోపల విన్న మాట మనసులో పడడానికి కాస్త జాగా దొరుకుతుంది.

పొరుగున కన్నడంలో సర్వజ్ఞుడిని పక్కన పెట్టి చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. ఇద్దరినీ నీతి చెప్పిన జనకవులుగా పోల్చడం మామూలే. చరణంలో కూడా వాళ్లు దగ్గరివాళ్లని మాత్రం తక్కువగా చెప్పుకుంటాం. సర్వజ్ఞుడిది త్రిపది, అంటే పేరులోనే మూడు పాదాలు. తన పేరును ఆయన ఆ మూడు పాదాల లోపలే, చివర ఇముడ్చుకుంటాడు. వేమన తన పేరుకు ఏకంగా ఒక పాదం కేటాయించాడు. అందువల్ల త్రిపది చివర్లో మాట, పేరు ఒకదానికొకటి ఆనుకుని గట్టిగా మూతపడతాయి. ఆటవెలదిలో మాట మూడో పాదంలో ముగిసి, పేరు వేరుగా మోగుతుంది. చెప్పే పద్ధతి ఒకటే, మూసే పద్ధతి వేరు.

ఇదే మూడు పాదాల కొలతలో హైకూ మరో దారి పట్టింది. కాకినాడలో తత్వశాస్త్రం పాఠాలు చెప్పిన ఇస్మాయిల్ తెలుగులో హైకూలు రాసి ‘కప్పల నిశ్శబ్దం’ పేరుతో వేశారు. హైకూకు తీర్పు లేదు, తీర్పు చెప్పకపోవడమే దాని పద్ధతి. రెండు దృశ్యాలను పక్కపక్కన ఉంచి, వాటి మధ్య ఖాళీని పాఠకుడికి వదిలేస్తుంది. వేమన మూడో పాదం ‘ఇదీ సంగతి’ అని తేల్చి చెబుతుంది. హైకూ మూడో పాదం ‘ఇదిగో, ఇది కూడా’ అని చూపించి ఊరుకుంటుంది. పై రేకు పద్యం ఈ రెంటికీ మధ్యన ఉంది: వేమనలా పోలికను తిప్పింది, కానీ తీర్పు చెప్పకుండా అడిగి ఆగింది. మూడు పాదాలు ఎన్నుకున్న కవి తన మూడో పాదం తేల్చేదా, చూపేదా, అడిగేదా అన్నది ముందే నిర్ణయించుకోవాలి. ఆ పాదం ఈ మూడింట్లో ఏదీ చేయకుండా మొదటి రెండింటిలాగే ఇంకో ముక్క చెబితే, అది త్రిపద కాదు, తోక తెగిన చతుష్పాది.

నాలుగు పాదాల మడత

మూడో ఆలోచన రేకు స్వభావం గురించి. ఇది ఆటవెలదిలో వచ్చింది, మకుటం లేకుండా.

పొడిగనున్న రేకు మడిచిన విరుగును
తడిని చేర్చ నణగి మడత పడును
తడుపు మించెనేని దారికి రాదింక
ఎంత తడియొ యెరుగు నింతి చేయి

ఆటవెలదిలో బేసి పాదాలు పొడుగు, సరి పాదాలు పొట్టి. ఒకటి, మూడు పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాలకు అయిదు సూర్యగణాలు. నాలుగో గణం మొదట యతి, లేదా ప్రాసయతి. మొదటి పాదంలో పొడి, మడి కలిసినట్టు.

ఇక్కడ పాదానికో మలుపు ఉంది. మొదటి పాదం ఒక కష్టం చెప్పింది: ఆరిన రేకును మడిచితే ముక్కలవుతుంది. రెండో పాదం విరుగుడు చెప్పింది: కాస్త తడి తగిలిస్తే మడత పడుతుంది. పూతరేకులు చుట్టేవాళ్లు తడిగుడ్డ వాడేది అందుకే. ఇక్కడితో ఆపితే ఇది చిట్కా. మూడో పాదం ఆ విరుగుడుకే అడ్డం తిరిగింది: తడి ఎక్కువైతే రేకు అతుక్కుపోయి పనికిరాకుండా పోతుంది. ఇప్పుడు చిక్కు నిజంగా చిక్కయింది, తడి కావాలి, తడి కూడదు. నాలుగో పాదం దీన్ని తేల్చింది, కానీ కొలత చెప్పి కాదు. ఎంత తడి అన్నది ఆ చేతికే తెలుసంది. అనుభవం లెక్కకు అందదన్న భావం అక్కడ పుట్టింది. అది పుట్టాలంటే ముందు మూడు పాదాలూ ఆ వరసలోనే రావాలి.

ఈ ఆలోచనను ద్విపదలో పెట్టి చూద్దాం.

పొడిరేకు మడువగా పొడిపొడి యగును
తడిరేకు మడువగా దారికి వచ్చు

గణాలు సరిపోయాయి, యతి కుదిరింది, ప్రాస కుదిరింది. చదవడానికి ఆటవెలదికన్నా బాగుంది కూడా. ప్రమాదం అక్కడే ఉంది. పొడి, తడి రెండూ త్రాసులో సమానంగా నిలిచి, మాట పూర్తయినట్టే వినిపిస్తుంది. పాఠకుడు తల ఊపి వెళ్లిపోతాడు. తడి మంచిదన్న సగం నిజం మొత్తం నిజంగా చెలామణీ అవుతుంది. తడి మించితే ఏమవుతుందో తర్వాతి ద్విపదలో చెప్పవచ్చు, కానీ అప్పటికే మూతపడిన తలుపు మళ్లీ తెరిచినట్టుంటుంది. ఎదురెదురు మాటల్ని రెండు పాదాల్లో పెడితే అవి తూకమై ఆగిపోతాయి. ఆ తూకాన్ని చెరపడమే కవి ఉద్దేశమైతే మూడో పాదం ఆ చరణంలోనే ఉండాలి, చెరిగిన తూకాన్ని దిద్దడానికి నాలుగోది ఉండాలి.

నాలుగు పాదాల్లో మూడోదే కీలకమన్నది ఇతర సంప్రదాయాల్లోనూ కనిపిస్తుంది. పారశీక రుబాయీలో మామూలుగా ఒకటి, రెండు, నాలుగు పాదాలకు అంత్యప్రాస కలుస్తుంది, మూడో పాదం విడిగా ఉంటుంది. చెవి అక్కడ పట్టు తప్పి, నాలుగో పాదంలో మళ్లీ ఇంటికి చేరుతుంది. దువ్వూరి రామిరెడ్డి ‘పానశాల’లో ఉమర్ ఖయ్యాం రుబాయీలను తెలుగు వృత్తాల్లోకి తెచ్చినప్పుడు ఒకటి దక్కింది, ఒకటి జారిపోయింది. ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకు 21. పొట్టి రుబాయీ పాదం అంత పొడుగైనప్పుడు దృశ్యానికి, వర్ణనకు చోటు దొరికింది. కానీ వృత్తంలో ప్రాస నాలుగు పాదాలకూ రెండో అక్షరంలో ఒకేలా ఉంటుంది, మూడో పాదానికి సెలవు లేదు. రుబాయీలో ధ్వని చేసే మలుపును ఇక్కడ వాక్యమే చేసుకోవాలి, ‘అయినా’, ‘కాని’ వంటి మాటలతోనో, సంబోధన మార్చడంతోనో. తెలుగు నాలుగు పాదాలకు, పారశీక నాలుగు పాదాలకు లెక్క కలిసినా మలుపు తిప్పే కీలు ఒకచోట లేదు.

గురజాడ దీనికి మూడో జవాబు చెప్పాడు. 1910లో వచ్చిన ముత్యాలసరాల్లో మొదటి మూడు పాదాలూ మూడు నాలుగు మాత్రల నడకతో సమానంగా సాగుతాయి, నాలుగోది పొట్టిది. అక్కడ కీలు మూడో పాదంలో కాక నాలుగో పాదంలో ఉంది. మూడు పాదాలు ఒకే వేగంతో వచ్చి నాలుగో దగ్గర కళ్లెం పడుతుంది. ‘కన్యక’ వంటి కథాగేయాన్ని ఆయన ఈ చరణంలోనే చెప్పాడు. కథకు ద్విపద అన్న నియమం ఉంటే ఇది తప్పవ్వాలి, కాలేదు. ఎందుకంటే గురజాడ కథ నిరంతరాయంగా పారే కథ కాదు. ఒక ఘట్టం, ఆగడం, మరో ఘట్టం, ఆగడం. ప్రతి చరణం చివర ఆ పొట్టి పాదం దగ్గర పాఠకుడు ఒక క్షణం నిలబడి జరిగినదాన్ని తలుచుకుంటాడు. సోమనాథుడు శ్రోతను ఆగనివ్వలేదు. గురజాడ పాఠకుణ్ణి ఆపదలచుకున్నాడు, ఆలోచింపజేయదలచుకున్నాడు గనుక. ఇద్దరూ కథే చెప్పారు, శ్రోతతో వాళ్లకున్న పని వేరు.

పొసగలేదని ఎలా తెలుస్తుంది?

మూడు పద్యాలనూ అటూ ఇటూ మార్చి చూస్తే పొరపాటు చరణం రెండు గుర్తులతో బయటపడుతుంది.

మొదటిది, చరణం ఆలోచనకన్నా పెద్దదైనప్పుడు. అప్పుడు వ్యర్థపదాలు వస్తాయి. ‘చూడవోయ్’, ‘నిజముగాను’, ‘మరి’ లాంటివి పాదం నింపడానికి దిగుతాయి. వచన కవితలో గణాలు నింపే బాధ లేదు కాబట్టి వ్యర్థపదం ఉండదనుకుంటాం. అక్కడ అది పదంగా కాక పాదంగా వస్తుంది: ముందు చెప్పినదాన్నే ఇంకో ఉపమానంతో చెప్పే పాదం, లేదా చెప్పినదాన్ని వివరించే పాదం. పరీక్ష సులభం. చరణంలో ప్రతి పాదాన్నీ ఒక్కొక్కటిగా మూసిపెట్టి మిగతాది చదవండి. ఏదో ఒకటి లేకపోయినా లోటు తెలియకపోతే మీ ఆలోచన ఒక పాదం చిన్నది.

రెండోది, చరణం ఆలోచనకన్నా చిన్నదైనప్పుడు. అప్పుడు వాక్యం చరణం గీతను ఒరుసుకుంటూ దాటుతుంది. ద్విపదలో దాటడం బలమే, ఎందుకంటే అక్కడ దాటడానికి అసమాపక క్రియ తలుపు తీసి ఉంచింది. కానీ నాలుగు పాదాల చరణం చివర కర్త ఒక చరణంలో, క్రియ మరో చరణంలో పడితే, అది కూడా ప్రతి చరణంలోనూ జరుగుతుంటే, కవి రాస్తున్నది చతుష్పాది కాదు, నాలుగేసి పాదాలుగా కోసిన ద్విపద. గీతలు తీసేసి ఒకే ధారగా రాస్తే కవిత మెరుగుపడుతుందేమో చూసుకోవాలి.

మొదటి రేకు పద్యాన్ని ఆటవెలదిలోకి మార్చబోతే ఈ రెండు గుర్తులూ ఒకేసారి కనబడ్డాయి. నాలుగో పాదానికల్లా పనిని ముగించాలి, కానీ పని ముగియలేదు. ముగింపు కోసం ‘కష్టజీవి’ అనో, ‘పుణ్యవతి’ అనో ఒక పొగడ్త దిగబోయింది. అది పనిని చూపించడం మానేసి పనిమంతురాలిని మెచ్చుకోవడం మొదలుపెట్టింది. పని మీద రాసిన చాలా కవితలు ఇక్కడే చెడతాయి. చెడింది కవి సహృదయం వల్ల కాదు, నాలుగో పాదం ఏదో ఒకటి తేల్చమని అడగడం వల్ల.

దీనికో హద్దు ఉంది, అది చెప్పకపోతే ఈ పోలిక అతిగా పోతుంది. చరణం ఆలోచనను పుట్టించదు. ద్విపద ఎన్నుకున్నంత మాత్రాన నడక రాదు, సమాపక క్రియలు పాదపాదానికీ పెడితే ద్విపద కూడా చతికిలబడుతుంది. నాలుగు పాదాల్లో నాలుగు మలుపులు ఉండి తీరాలనీ లేదు, ఒకే దృశ్యాన్ని నాలుగు పాదాల నిండా పరిచిన గొప్ప వృత్తాలు మనకు కోకొల్లలు. అక్కడ కూడా ఆలోచన ఎక్కడ ఆగాలో కవికి తెలుసు, ఆ ఆగే చోట చరణం ముగిసింది, అంతే.

పాదాల లెక్క ఆలోచన వేసే అడుగుల లెక్క. ఎక్కడా ఆగకుండా పోయేదానికి రెండేసి పాదాలు చాలు, వాక్యాన్ని అసమాపక క్రియలతో దాటించాలి. రెండు సార్లు చెప్పి మూడోసారి విరిచేదానికి మూడు కావాలి, నాలుగోది ముట్టుకోకూడదు. ఒక మాట, దానికి ఎదురు మాట, ఆ ఎదురుకూ ఒక ఎదురు, చివరకు ఒక తేల్పు ఉన్నప్పుడే నాలుగు. ఈసారి కవిత రాసినప్పుడు చరణాల గీతలు గీసే ముందు మీ వాక్యాల్లో సమాపక క్రియలు ఎక్కడ పడ్డాయో, ‘కాని’ ఎక్కడ వచ్చిందో పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. గీత అక్కడే గీయండి.